కొత్త ఐడీకి రీల్స్: ఎందుకు ఆగినమో దానికి తెల్వదు

రీల్స్, షార్ట్స్ రెండూ చానా కాలంగా వాడుతున్న. వీడియో క్వాలిటీ, ఎడిటింగ్, పాటల సంగతి అందరికీ తెలిసిందే, అది వదిలేస్త. నా కోపమంతా ఒక్కదాని మీదనే: కొత్త ఐడీ తెరిచినోళ్లకు ఏం చూపియ్యాలో తేల్చే లెక్క. తెలివైనదే, కాదనను. కానీ మనం ఎక్కడ ఆగినమో చూస్తది, ఎందుకు ఆగినమో దానికి తెల్వదు.

ఖాతా కొత్తదైతే దాని చేతిల ఉండే సమాచారం తక్కువ. ఫోన్ ఏ భాషల ఉంది, ఏ దేశం, నెట్ ఏ ఊరి నుంచి వస్తున్నట్టు కనపడుతుంది, అంతే. లొకేషన్ అనుమతి ఇయ్యకుంటే ఐపీ అడ్రస్సే దిక్కు. మొబైల్ డేటా మీద అది అసలు ఊరు కాకుండ పెద్ద పట్నాన్ని చూపిస్తుంటది. అందుకే దేవరకొండల కూసున్నోనికి మొదట్ల హైదరాబాద్ బిర్యానీ వీడియోలు పడొచ్చు. వాటి వెనుక తెలుగోళ్లు ఎక్కువ చూసినవి రకానికొకటి వస్తయి: కామెడీ, సినిమా పాట, దేవుని పాట, వంట. మనకు నచ్చుతయని నమ్మి కాదు, మనల్ని కొలిచేటందుకు.

లోపల జరిగేది రెండు దశల పని. ముందు కోట్ల వీడియోల నుంచి కొన్ని వందలు జల్లెడ పడ్తది, తర్వాత ఒక్కొక్కదానికి మార్కులు ఏస్తది. యూట్యూబ్ ఇంజినీర్లు 2016లనే ఈ పద్ధతిని పేపర్ రాసి బయటపెట్టిన్రు. మార్కులంటే అంచనా: ఈ మనిషి దీన్ని ఎంతసేపు చూస్తడు, లైక్ కొడ్తడా, ఇంకొకరికి పంపుతడా. కొత్తోని చరిత్ర ఖాళీ కాబట్టి, అతను ఆగిన వీడియో దగ్గరనే ఆగినోళ్లు ఇంకేం చూసిన్రో వాటిని తెచ్చి ముందర పెడ్తది.

తేడా కొట్టేది ఇక్కడనే. ఒక బత్తాయి రైతు కొత్త ఫోన్ల ఐడీ తెరిచిండనుకోండి. కాయ ఎందుకు రాలుతుందో చెప్పే 60 సెకన్ల వీడియో వచ్చింది. 20 సెకన్లల కావాల్సిన ముచ్చట దొరికింది, పైకి జరిపిండు. తర్వాత బస్సుల సీటు కోసం కొట్లాట, 10 సెకన్లది. ఏమైందోనని చూస్తుంటే అదే మళ్ల మళ్ల తిరిగి 25 సెకన్లు అయింది. లెక్క ప్రకారం బత్తాయి 33 శాతం, కొట్లాట 250 శాతం. ఉత్త సెకన్లు చూసినా కొట్లాటదే పైచేయి. నిడివిని బట్టి సరిచేసుకునే పద్ధతులు లేకపోలేదు, కానీ పొట్టి వీడియోకు పదేపదే తిరిగే సౌలత్ ఉండనే ఉంది. 2020 జూన్‌ల, మన దగ్గర బ్యాన్ కావడానికి కొన్ని రోజుల ముందు, టిక్‌టాక్ తన పద్ధతి గురించి రాసింది. పొడుగు వీడియోను చివరిదాకా చూస్తే అది గట్టి గుర్తు, చూసేటోనిది, వీడియో తీసినోనిది ఒకే దేశం కావడం బలహీనమైన గుర్తు అన్నది అందుల ఉంది. మన రైతు సదువుకున్నోని లెక్క పని అయిపోంగనే కదిలిండు, నష్టపోయిండు.

తర్వాతి విడతల రెండు కొట్లాటలు కలుస్తయి. అది పరీక్ష. వాటిల ఒకటి చూసిన్రంటే కొట్లాటలే గుంపుగ దిగుతయి. సంబంధం లేనిదొకటి అప్పుడప్పుడు వస్తుంటే ఇంకా వెతుకుతున్నట్టు. వరుసగ ఒకే రకం వస్తుంటే ఖాయం చేసుకున్నట్టు.

అందుకే మొదటి రోజు వచ్చింది చూసుకుంట పోవద్దు. సెర్చ్‌ల “బత్తాయి కాయ రాలుడు” అని తెలుగులనే కొట్టి, రెండు మూడు వీడియోలు ఆఖరిదాకా పోనియ్యాలె, ఆ ఛానెళ్లను ఫాలో కావాలె. అక్కర్లేనిది రాంగనే జరపాలె, తిట్టుడు కామెంట్ కూడా పెట్టొద్దు, అది కూడా ఆసక్తి కిందనే పడొచ్చు. మళ్ల వస్తే Not interested నొక్కాలె. యూట్యూబ్‌ల వాచ్ హిస్టరీ ఆపి ఉంటే ఈ కష్టం చానామట్టుకు ఉత్తదే, నేర్చుకునేటందుకు దానికి ఏం మిగలదు.

ఇన్‌స్టాగ్రామ్‌ల సెట్టింగ్స్‌కు పోయి Content preferences కింద ఉన్న Reset suggested content నొక్కితే సిఫార్సులు మొదటికి వస్తయి. మంచి సౌలత్, అప్పట్ల ఇదొక్కటి చాలన్నంత నచ్చింది. అయితే ఫాలో అయిన ఖాతాలు అట్లనే ఉంటయి, ప్రకటనలు కూడా మారవు. వాటి వాసన పట్టుకొని పాత సరుకు మెల్లగ మళ్ల చేరుతది. ముందు ఆ ఫాలో లిస్టు కడిగి, తర్వాత రీసెట్ నొక్కితేనే ఫాయిదా.

ఒక్క మనిషి, ఒక్క ఫోన్, ఎవుసం వీడియోల కోసమైతే నాలుగు స్టార్లు ఇస్త. మా ఇంట్ల లెక్క ఒకే ఫోన్ నాయిన చేతిల, పోరగాళ్ల చేతిల తిరిగేదైతే రెండే. సాయంత్రం పోరగాళ్లు చూసిన కార్టూన్లు తెల్లారి నాయినకు వస్తయి, ఎవరి ఐడీ వాళ్లకు పెట్టిస్తే తప్ప ఏ సెట్టింగూ దాన్ని ఆపలేదు.