ఊపిరితిత్తిలో 7 మి.మీ. గడ్డ: ఆరు నెలలు ఆగాలా, ఇప్పుడే సూదితో ముక్క తీయాలా?

58 ఏళ్ల మనిషి. దెబ్బ తగిలిందని సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తి పై భాగంలో 7 మి.మీ. గట్టి గడ్డ కనిపించింది. సిగరెట్ మానేసి ఐదేళ్లైంది, గతంలో క్యాన్సర్ లేదు. ముందు పాత సీటీ ఉందేమో వెతకాలి. ఇలాంటి గట్టి గడ్డ రెండేళ్లుగా పెరగకపోతే సాధారణంగా ఇక పరీక్షలు అక్కర్లేదు.

పాతది లేకపోతే దారులు రెండు. ఇప్పుడే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, అంటే బయాప్సీ చేస్తే, టెన్షన్ తీరుతుందనిపిస్తుంది. కానీ ఇంత చిన్నదాంట్లోకి సూది సరిగ్గా దిగడం కష్టం. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది. పైగా ‘క్యాన్సర్ కణాలు లేవు’ అని వచ్చినా పూర్తిగా నమ్మలేం. 8 మి.మీ. లోపు వాటికి, క్యాన్సర్‌ను పసిగట్టే పెట్ స్కాన్ కూడా అంత నమ్మదగింది కాదు.

రెండోది ఆగడం. 6–8 మి.మీ. గట్టి గడ్డకు 6 నుంచి 12 నెలల్లో మళ్లీ తక్కువ డోసు సీటీ తీస్తారు. పొగతాగిన చరిత్ర, పై భాగంలో ఉండటం అనే రెండు రిస్కులు ఉన్నాయి కాబట్టి ఈయనకు ఆరు నెలలకే తీయించడం నయం. అంచులు ముళ్లలా ఉంటే ఇంకా ముందే.

అప్పుడు 8 వస్తే కంగారొద్దు, అది కొలతలో తేడా కావచ్చు. 9 వస్తే మాత్రం ఘనపరిమాణం రెట్టింపు దాటినట్టే. అప్పుడు పెట్ స్కాన్, బయాప్సీ గురించి ఆలోచించాలి. పెరగకపోతే 18–24 నెలలకు మరో సీటీ.