లేత పోతు అని చెప్పి ముదురు మాంసం కలిపేస్తున్నారు, పండక్కి వేట మాంసం కొనేవాళ్ళు జాగ్రత్త

పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు పండగలకీ ఆదివారాలకీ వేట మాంసం కొనేవాళ్ళు ఇది ఒకసారి చదవండి. మొన్న కనుమకి ఒక కొట్టులో కిలోన్నర తీసుకున్నాం. కొట్టు పేరు రాయను, ఈ పద్ధతి ఆ ఒక్క కొట్టుదే కాదు కాబట్టి. ఎదురుగా చక్కటి లేత తొడ ఒకటి వేలాడదీసి ఉంది, "ఆయ్, ఏడాది లోపు పోతండీ, మూడు విజిళ్ళకి ఉడికిపోద్ది" అన్నాడు. సగం ఆ తొడలోంచే కొట్టాడు. మిగతా సగం మొద్దు పక్కన అప్పటికే కొట్టి పెట్టుకున్న కుప్పలోంచి వేసి తూచాడు. జనం తోసుకుంటున్నారు, అడిగే తీరిక ఎవరికీ లేదు, వాళ్ళకి కావాల్సిందీ అదే.

ఇంట్లో అత్తయ్య మాంసం కడిగి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, గ్లాసు నీళ్ళు పోసి కుక్కర్లో పెట్టింది. మొదటి విజిల్ దాకా పెద్ద మంట, తర్వాత సన్నం మంట మీద 15 నిమిషాలు. ఆవిరి దానంతట అది దిగాక మూత తీస్తే సగం ముక్కలు మెత్తగా ఎముక నుంచి ఊడొస్తున్నాయి, మిగతా సగం పళ్ళతో లాగినా తెగడం లేదు. ఒకే కుక్కరు, ఒకే మంట, ఒకే టైము. బావగారు ఎముకలు విడదీసి చూపించారు: మెత్తబడిన ముక్కల్లో ఎముక సన్నగా, నరికిన చోట ఎర్రగా ఉంది, ఉడకనివాటిలో తెల్లగా, లావుగా, గట్టిగా ఉంది. రెండు వేర్వేరు మేకలు. ఒకటి లేతది, ఇంకోటి ఖాయంగా నాలుగేళ్ళు దాటినది.

"ఇంకో నాలుగు విజిళ్ళు పెడితే పోయేదిగా" అంటారేమో, అసలు మోసం అక్కడే ఉంది. మాంసం గట్టిగా ఉండడానికి పెద్ద కారణం కొల్లాజెన్ అనే మాంసకృత్తు. కండ చుట్టూ, కండకీ ఎముకకీ మధ్య తెల్లటి పొరలా కనిపించేదాంట్లో ఉండేది ఎక్కువగా ఇదే. మన కోనసీమ కొబ్బరి తాడు పేనినట్టు మూడు పోగులు మెలేసుకుని ఉంటుంది. వేడి తగిలితే ముందు ఈ పొర ముడుచుకుపోయి ముక్కని బిగించేస్తుంది, అందుకే సగం ఉడికిన ముక్క పచ్చిదానికన్నా గట్టిగా అనిపిస్తుంది. ఆ వేడి అలాగే కొనసాగితే, నీళ్ళు ఉంటే, మెలిక విడిపోయి జెలటిన్‌గా మారి పులుసులోకి దిగుతుంది. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలు దాటవు. కుక్కర్లో ఒత్తిడి వల్ల దాదాపు 120 దాకా వెళ్తాయి, అందుకే గిన్నెలో గంటన్నర, రెండు గంటలు పట్టేది అరగంటలో అవుతుంది.

ముదురు మేకలో కొల్లాజెన్ మరీ ఎక్కువేమీ ఉండదు. తేడా ఏంటంటే, వయసు పెరిగే కొద్దీ పోగుకీ పోగుకీ మధ్య అడ్డంగా పడే బంధాలు గట్టిపడి వేడికి అంత తేలిగ్గా తెగవు. లేతదానికి సరిపోయిన 15 నిమిషాలు దీనికి ఆరంభం మాత్రమే. పోనీ అన్నీ కలిపి 40 నిమిషాలు పెడదామంటే లేత ముక్కల్లో పొర ఎప్పుడో కరిగిపోయి, కండలో నీరంతా పిండేసుకుపోయి, పీచులు పీచులుగా, ఎండిపోయి మిగులుతాయి. 900 పెట్టి కొన్న లేత మాంసం కూడా పాడు.

ముక్క ఎందుకు బాలేదో తేల్చుకోవడానికి ఎముక దగ్గర తెల్ల పొర చూడండి. పొర ఇంకా తెల్లగా ఉండి లాగితే సాగుతుంటే ఉడకలేదని, ఇంకా టైము ఇవ్వాలి. పొర అద్దంలా పారదర్శకంగా అయ్యి వేలికి జిగురుగా అంటుకుంటే సరిగ్గా ఉడికిందని. పొర జాడే లేకుండా కండ పొడిగా దారాల్లా విడిపోతుంటే ఎక్కువైపోయిందని, దాన్ని వెనక్కి తేవడం ఎవరివల్లా కాదు, పులుసు పోసి సర్దుకోవడమే. మొదటి రకానికీ మూడో రకానికీ తేడా తెలీక ఎండిపోయిన మాంసాన్నే మళ్ళీ కుక్కర్లో పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను.

మేం చేసింది ఇది. మెత్తబడిన ముక్కలు ఏరి మూత పెట్టి పక్కన ఉంచాం. మిగిలినవాటిలో అర గ్లాసు వేడి నీళ్ళు పోసి (చల్లవి పోస్తే మళ్ళీ వేడెక్కడానికే టైము పోతుంది) విజిల్ వచ్చాక సన్నం మంట మీద ఇంకో 20 నిమిషాలు. అప్పటికి తొడ ముక్కలు దారికొచ్చాయి, జబ్బ, మెడ ముక్కలకి ఇంకో 10 పట్టింది. మెడలో ఒక పసుపు నరం ఉంటుంది, అది మాత్రం ఎంత ఉడికించినా మెత్తబడదు, అది కొల్లాజెన్ కాదు, ఎలాస్టిన్. దాన్ని ముందే కోసి తీసేయమని కొట్టులోనే చెప్పండి. చివరికి అన్నీ మసాలాలో కలిపి పది నిమిషాలు దగ్గరికి మగ్గించాం. భోజనాలు మధ్యాహ్నం మూడింటికి అయ్యాయి, అది వేరే సంగతి.

విజిళ్ళు లెక్కపెట్టడం మాత్రం మానండి. పెద్ద మంట మీద ఆరు విజిళ్ళు ఆరేడు నిమిషాల్లో వచ్చేస్తాయి, సన్నం మంట మీద మూడు రావడానికి పావుగంట పట్టొచ్చు, కొల్లాజెన్‌కి కావాల్సింది కూత కాదు, ఆ వేడిలో ఉన్న నిమిషాలు. మొదటి విజిల్ తర్వాత సన్నం మంట మీద, మామూలు సైజు ముక్కలకి మా ఇంట్లో లెక్క ఇలా ఉంటుంది: పాలపళ్ళ పిల్ల అయితే తొడకి 10 నుంచి 12, జబ్బకీ మెడకీ 15. ఏడాదిన్నర, రెండేళ్ళ పోతు అయితే తొడకి 15 నుంచి 18, జబ్బ, మెడ, పిక్కకి 20 నుంచి 25. నాలుగేళ్ళు దాటిందైతే తొడకే అరగంట, పిక్క, మెడకి 40 దాకా, నీళ్ళు కూడా గ్లాసున్నర పోయాలి, లేకపోతే మధ్యలో అడుగంటుతుంది. ఏ వయసైనా కట్టేశాక ఆవిరిని దానంతట అదే దిగనివ్వండి. పంపు కింద పెట్టి చల్లారిస్తే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి ముక్కలోని నీరు మరిగి బయటికి పోతుంది. అనుమానం ఉంటే తక్కువ టైముతో మొదలుపెట్టి చూసుకోండి, పెంచుకోవచ్చు, తగ్గించుకోలేం.

కొనేటప్పుడు తలకాయ చూపించమనండి. మేకకి ముందు పళ్ళు కింద దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. అన్నీ చిన్నగా ఒకే తీరుగా ఉంటే పాలపళ్ళు, దాదాపు ఏడాది లోపు. మధ్యలో రెండు వెడల్పు పళ్ళు వస్తే ఏడాది దాటింది, ఎనిమిదీ వెడల్పుగా ఉంటే దాదాపు నాలుగేళ్ళో, ఆ పైనో. తల అమ్మేశాం అంటే కనీసం వేలాడే దాంట్లోంచే మొత్తం కొట్టించుకోండి, కుప్పలోంచి ఒక్క ముక్క కూడా తీసుకోవద్దు. ఆ రోజు ముదురుది తప్ప ఇంకేం లేదని తేలితే, ఎదురుగా నిలబడి తొడ కండతో కైమా కొట్టించుకోండి, పీచూ పొరా కత్తికే తెగిపోతాయి కాబట్టి కుక్కర్లో అంత పోరాటం ఉండదు.