సైకిల్ మీద జెల్సా, బాటిల్లో కలిపిన డ్రింకా, తిండా?

ఈత, సైకిల్, పరుగు కలిసిన పూర్తి ఐరన్‌మ్యాన్ రేసుకి సిద్ధమవుతున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. 180 కిలోమీటర్లు తొక్కేటప్పుడు ఏం తీసుకుంటే ఆ తర్వాత మారథాన్‌లో కాళ్లు ఆడతాయి? గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బ్స్ కావాలని అందరికీ తెలుసు. నా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సింది, ఆ కార్బ్స్‌ని నీళ్లతో కట్టేయాలా, విడిగా ఉంచాలా అన్నది.

మామూలు డ్రింక్‌లో రెండూ కలిసే ఉంటాయి. ఎండ ముదిరి దాహం పెరిగితే అవసరానికి మించి చక్కెర లోపలికి పోతుంది. చల్లగా ఉంటే తక్కువ తాగుతాం, కార్బ్స్ కూడా తగ్గిపోతాయి. లంకావి లాంటి ఉక్కపోత రేసులో నేను దెబ్బతిన్నది ఇక్కడే. 120వ కిలోమీటరు దగ్గర కడుపులో నీళ్లు గుడగుడలాడుతున్నాయి, నోరు మాత్రం ఎండిపోతోంది. తాగింది కడుపు దాటట్లేదనడానికి అదే గుర్తు. అలాంటప్పుడు పావుగంట వేగం తగ్గించి ఉత్త నీళ్లే కొద్దికొద్దిగా తాగాలి. నేను మాత్రం వెనకబడిపోయానని ఒకేసారి రెండు జెల్స్ మింగాను. పరుగులో తొలి పది కిలోమీటర్లూ వాంతులతోనే గడిచాయి.

ఇప్పుడు పాకంలా చిక్కగా కలుపుకుంటున్నాను. 750 మిల్లీలీటర్ల బాటిల్లో 140 గ్రాముల మాల్టోడెక్స్‌ట్రిన్, 70 గ్రాముల ఫ్రక్టోజ్, అర టీస్పూను ఉప్పు. ఈ రెండు కార్బ్స్ పేగులో వేర్వేరు దారుల్లో లోపలికి వెళ్తాయి కాబట్టి మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి గ్లూకోజ్ రకం ఒక్కదానితో గంటకు 60 గ్రాముల దగ్గర ఆగిపోయేది ఇంకాస్త పైకి వెళ్తుంది. ఈ బాటిల్ మూడు గంటలకు, అంటే గంటకు 70 గ్రాములు. టేపుతో మూడు గీతలు పెట్టుకుని, పావుగంటకోసారి ఒక గుక్క. వెంటనే ఎయిడ్ స్టేషన్ నీళ్లు, వేడిలో గంటకు 700 మిల్లీలీటర్ల దాకా. ఎండను బట్టి మారేది నీళ్లే, కార్బ్స్ కాదు. చెమట బాగా పట్టేవాళ్లు ఉప్పు పెంచుకోవాలి.

జెల్స్‌తోనూ ఇదే పని జరుగుతుంది, నీళ్లు పక్కన ఉన్నంతవరకు. డ్రింక్‌తో కలిపి మింగితేనే ప్రమాదం. కాకపోతే ఆరు గంటల్లో పద్దెనిమిది ప్యాకెట్లు చింపాలి, సగం దారిలో ఆ తీపి మొహం మొత్తుతుంది. బాటిల్‌కీ ఒక లోటుంది: గతుకుల్లో జారిపడితే మూడు గంటల తిండి పోయినట్టే. అందుకే జేబులో నాలుగు జెల్స్ తప్పనిసరి.

అరటిపండు, ఖర్జూరం మొదటి రెండు గంటల్లో పర్లేదు. ఆ తర్వాత వద్దు.

చివరి అరగంటలో నేను రెండు గుక్కలకు మించి పాకం తాగను. పరుగు మొదలయ్యేసరికి కడుపు తేలిగ్గా ఉండాలి.