బంగారం మీద నెలకి 3 శాతం గ్యారంటీ అంటే కట్టకండి, ఇప్పటికే కట్టినవాళ్ళు ముందు ఆ రసీదు తీసి చదవండి

అందరికీ నమస్తే. బంగారం రేటు ఇంతలా పెరిగాక మా కరీంనగర్ వైపు మళ్ళీ ఈ స్కీముల మాట గట్టిగా వినపడుతోంది, అందుకే కొంచెం పెద్దదైనా వివరంగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మా చిన్నమ్మ వాళ్ళు ఒక జువెలరీ షాపులో 5 లక్షల డబ్బు, ఇంకా 4 తులాల పాత బంగారం పెట్టి ఇరుక్కున్నారు. కేసు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయట్లేదు. కానీ ఎలా చేశారో మొత్తం రాస్తాను, ఎందుకంటే ఊరు మారితే షాపు పేరు మారుతుందేమో గానీ పద్ధతి మాత్రం అచ్చం ఇదే ఉంటుంది.

అది నిన్న మొన్న తెరిచిన షాపు కాదు. మా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళకి పుస్తెలు అక్కడే చేయించాం, తూకంలో ఎప్పుడూ తేడా రాలేదు. స్కీం గురించి చెప్పింది కూడా ఎవరో ఫోన్ చేసిన ఏజెంట్ కాదు, వీధిలో చీటీలు నడిపే ఆవిడే. "వదినా, బ్యాంకులో ఏమొస్తుంది చెప్పు, సేటు బులియన్ ట్రేడింగ్ చేస్తాడు, లక్షకి నెలకి మూడు వేలు, నేను కూడా పెట్టా" అంది. పెట్టింది నిజమే, కానీ తెచ్చిన ప్రతి మనిషి మీద కమీషన్ వస్తుందన్న సంగతి మాత్రం చెప్పలేదు. బంగారానికి ఇంకో లెక్క, బీరువాలో ఊరికే పడి ఉన్న నగలు ఇస్తే ఏడాది తర్వాత తులానికి ఒక గ్రాము ఎక్కువ కలిపి కొత్త నగలు, తరుగు మజూరీ లేకుండా.

ఏడు నెలలు ఒకటో తారీఖు తప్పకుండా 15 వేలు అకౌంట్లో పడ్డాయి. ఆ ఏడు నెలల్లోనే చిన్నమ్మ వాళ్ళ తమ్ముడు, పక్కింటి టీచరమ్మ కూడా పెట్టారు, "వస్తున్నాయి కదా" అని. ఎనిమిదో నెల జీఎస్టీ వాళ్ళు అకౌంట్ ఫ్రీజ్ చేశారన్నారు, తొమ్మిదో నెల దుబాయ్ నుంచి పేమెంట్ రావాలన్నారు, ఆ తర్వాత షట్టర్ దించేశారు.

ఇక్కడ ఒక్క లెక్క దయచేసి అర్థం చేసుకోండి, అందరూ పడిపోయేది ఇక్కడే. మీరు 5 లక్షలు ఇచ్చారు, నెలకి 15 వేలు ఇస్తున్నారు. ఆ మనిషి ఏ వ్యాపారమూ చేయకుండా మీ డబ్బు అలాగే పెట్టుకుని అందులోంచే నెలనెలా తీసి ఇచ్చినా 33 నెలలు ఇవ్వగలడు. అంటే రెండున్నరేళ్ళు కరెక్ట్‌గా డబ్బులు వచ్చినా అక్కడ లాభం ఉందని రుజువు ఏమీ లేదు, మీ డబ్బే మీకు వస్తుండొచ్చు. చిన్నమ్మకి వచ్చింది 1 లక్షా 5 వేలు, అది ఆమె డబ్బే, మిగతా 3 లక్షల 95 వేలు పోయినట్టు. కాబట్టి "మా బావగారికి ఏడాది నుంచి వస్తున్నాయండి" అని ఎవరైనా అంటే దానికి ఏ విలువా లేదు.

ఇంకో ప్రశ్న వేసుకోండి. నెలకి 3 అంటే ఏడాదికి 36 శాతం. నిజంగా వ్యాపారం ఉన్న షాపుకి బ్యాంకు లోను ఇస్తుంది, నగల వ్యాపారులకైతే బ్యాంకులు బంగారాన్నే అప్పుగా ఇస్తాయి, గోల్డ్ మెటల్ లోన్ అంటారు, దాని వడ్డీ మామూలు బిజినెస్ లోను కంటే తక్కువే ఉంటుంది. అంత చవకగా అప్పు పుట్టే మనిషి మన దగ్గరికొచ్చి 36 శాతం ఎందుకిస్తాడు? బ్యాంకు ఇవ్వనన్నవాడు, లేదా బ్యాంకుకి లెక్కలు చూపించలేనివాడే ఇస్తాడు. గవర్నమెంటే సావరిన్ గోల్డ్ బాండ్లు అమ్మినప్పుడు బంగారం రేటు ఎంతుంటే అంత ప్లస్ ఏడాదికి 2.5 శాతం వడ్డీ ఇచ్చింది, అంతే, రేటు పెరుగుతుందని గ్యారంటీ కూడా ఇవ్వలేదు. రేటు అనేది ఎవరి చేతిలోనూ లేనిది, దాని మీద నెలకి ఇంత ఖాయం అని చెప్తున్నాడంటేనే డబ్బులు బంగారం లోంచి రావట్లేదని.

ఇప్పుడు కాగితాల సంగతి. కేసు పెట్టడానికి వెళ్ళినప్పుడు లాయరు గారు రసీదు చదివి వినిపిస్తే అప్పుడు తెలిసింది చిన్నమ్మ చేతిలో ఏముందో. 5 లక్షలకి ఇచ్చింది ఒక్క రసీదు కాదు, మూడు. చిన్నమ్మ పేరు మీద లక్షా 90, చిన్నాయన పేరు మీద లక్షా 90, కొడుకు పేరు మీద లక్షా 20. "పాన్ కార్డు గొడవ ఎందుకమ్మా" అని షాపు వాళ్ళే అలా రాశారు. ఒక మనిషి దగ్గర 2 లక్షలు, ఆ పైన క్యాష్ తీసుకోకూడదని ఇన్‌కమ్ టాక్స్ రూల్ ఉంది, తీసుకుంటే పెనాల్టీ తీసుకున్నవాడికే. అంటే ఆ ముక్కలు చేసింది మనకి మేలు చేయడానికి కాదు, వాళ్ళు దొరక్కుండా ఉండటానికి. ఎక్కడైనా సరే మీ డబ్బుని ఇంట్లో వాళ్ళ పేర్ల మీద ముక్కలు చేస్తున్నారంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఆ రసీదుల మీద "నగల కొనుగోలు నిమిత్తం అడ్వాన్స్" అని ఉంది. నెలకి 3 శాతం అన్న మాట ఎక్కడా లేదు, ఎన్ని గ్రాములు, ఏ రేటుకి, ఎప్పటికి ఇస్తారు అన్నదీ లేదు. నోటితో చెప్పింది వడ్డీ, రాసింది అడ్వాన్స్. ఇలా ఎందుకు రాస్తారంటే 2019లో వచ్చిన చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడం నేరం, కానీ వస్తువు కొనడానికి ఇచ్చిన అడ్వాన్స్ డిపాజిట్ కిందకి రాదు, ఆ సందులో దూరుతారు.

అన్నిటికంటే ఘోరం ఆ 4 తులాలది. దానికి ఇచ్చిన కాగితం మీద "ఓల్డ్ గోల్డ్ పర్చేజ్" అని అచ్చు వేసి ఉంది, కింద చిన్నమ్మ సంతకం. అంటే కాగితం ప్రకారం ఆమె బంగారం డిపాజిట్ చేయలేదు, అమ్మేసింది! ఏ నగ, ఎంత బరువు, రాళ్ళ బరువు తీస్తే ఎంత, ఎన్ని క్యారెట్లు, ఏవీ లేవు, "4 తులాలు" అని మాత్రం ఉంది. నగలు ఆ వారమే కరిగించేశారంట, కాబట్టి రేపు రికవరీలో బంగారం దొరికినా ఇది మాది అని చూపించడానికి ఏమీ లేదు. అత్తగారు పెట్టిన నాను, చిన్నప్పటి కమ్మలు కూడా అందులోనే ఉన్నాయి, చిన్నమ్మ ఇప్పటికీ డబ్బు గురించి కంటే వాటి గురించే ఎక్కువ ఏడుస్తుంది.

మరి షాపుల్లో నెలనెలా కట్టే స్కీములన్నీ మోసమేనా అంటే కాదు. 11 నెలలు కట్టించుకుని చివర్లో ఒక నెల కంతు వాళ్ళు కలిపో, తరుగు తగ్గించో నగ ఇచ్చే స్కీము డిస్కౌంటు లాంటిది. 11 నెలలే ఎందుకంటే కంపెనీలు తీసుకున్న అడ్వాన్స్‌కి 365 రోజుల్లోపు సరుకు ఇవ్వకపోతే అది డిపాజిట్ కింద లెక్క. అందులో కూడా షాపు మూతపడితే డబ్బు పోతుంది, ఇన్సూరెన్స్ లాంటిదేమీ లేదు, అందుకే చిన్న మొత్తమే కట్టండి, నగ చేతికొచ్చినప్పుడు దాని మీద ఉండే హెచ్‌యూఐడీ హాల్‌మార్క్ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. కానీ చివర్లో నగ కాకుండా డబ్బే తిరిగిస్తాం, నెలనెలా లాభం ఇస్తాం, ఏడాది దాటాక రెన్యువల్ చేస్తాం అన్నారంటే అది ఇంక నగల స్కీము కాదు. "మాది ప్రైవేట్ లిమిటెడ్, రిజిస్ట్రేషన్ ఉంది" అని సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకి పెడతారు, కంపెనీ రిజిస్ట్రేషన్‌కి డిపాజిట్ల పర్మిషన్‌కి సంబంధమే లేదు. పబ్లిక్ డిపాజిట్లు తీసుకునే అర్హత ఉన్న పెద్ద కంపెనీలు కూడా ఏడాదికి 12.5 శాతం మించి వడ్డీ ఇవ్వడానికి లేదు. ఈ ఒక్క నంబరు గుర్తుపెట్టుకోండి చాలు, 36 శాతం అన్నప్పుడే తెలిసిపోతుంది.

ఇది మా ఊరి ఒక్కదానిదే కాదు. హైదరాబాద్ హీరా గోల్డ్ కేసులో ఏడాదికి 36 శాతం పైన ఆశ చూపించి డిపాజిట్లు తీసుకున్నారని ఈడీ చెప్పింది, 2018లో ఆ కంపెనీ అధినేత అరెస్ట్ అయ్యారు, అందులో డబ్బు పెట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2019లో బెంగళూరులో ఐఎంఏ అనే ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ కూలిపోయింది, అక్కడ కూడా బంగారం వ్యాపారంలో లాభం పంచుతాం అనే మాటే. 2025 జనవరిలో ముంబైలో టోరెస్ అని షోరూములే పెట్టి, వారం వారం డబ్బులిస్తామని చెప్పి వజ్రంలా కనిపించే చవక మొయిసనైట్ రాళ్ళు చేతిలో పెట్టారు.

ఇప్పటికే పెట్టినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను, జాగ్రత్తగా చూడండి. నెలనెలా డబ్బులు ఇంకా వస్తున్నా సరే మీరు పెట్టిన అసలు వెనక్కి అడగండి, ఏ సాకు చెప్తారో దాన్నిబట్టే మీకు అర్థమవుతుంది. షాపు వాళ్ళు "పాత రసీదులు ఇచ్చేయండి, కొత్త బాండు రాసిస్తాం" అంటే ఒరిజినల్ చచ్చినా ఇవ్వకండి. డబ్బుకి బదులు ఎక్కడో ప్లాటు రాసిస్తాం అంటే ముందు ఈసీ తీయించండి, మాకు చూపించిన ప్లాటు అప్పటికే బ్యాంకులో తాకట్టులో ఉంది. ఫిర్యాదు ఒక్కరే కాకుండా నలుగురైదుగురు కలిసి ఇవ్వండి, ఒట్టి చీటింగ్ కేసు కాకుండా 2019 డిపాజిట్ల నిషేధ చట్టం, 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం సెక్షన్లు కూడా పెట్టమని అడగండి, ఆస్తులు అటాచ్ చేయడానికి దారి వాటిలోనే ఉంది. జనాన్ని తెచ్చి చేర్పించిన ఏజెంట్‌కి కూడా 2019 చట్టంలో 1 నుంచి 5 ఏళ్ళ జైలు ఉంది, ఈ మాట చీటీల ఆవిడకి చెప్పాకే ఆవిడ నోరు విప్పి సాక్ష్యం చెప్తానంది. రిజర్వ్ బ్యాంకు సచేత్ సైట్ sachet.rbi.org.in లో కూడా కంప్లైంట్ పెట్టొచ్చు.

షాపు వాళ్ళు మీకు సెక్యూరిటీ కింద చెక్కు ఇచ్చి ఉంటే దాని మీద తారీఖు ఈరోజే చూసుకోండి. ఆ తారీఖు నుంచి మూడు నెలలే చెల్లుతుంది, "ఇప్పుడే వేయకండి, ఈ నెల ఆగండి" అని వాళ్ళు అనేది ఆ మూడు నెలలు దాటించడానికే. బౌన్స్ అయితే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లోపు లాయర్ నోటీసు వెళ్ళాలి, నోటీసు అందాక వాళ్ళకి 15 రోజులు టైము, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో వేయాలి. టీచరమ్మ చెక్కు ఇలాగే ఆగి ఆగి గడువు దాటిపోయింది, చిన్నమ్మది ఇంకా పదకొండు రోజులు ఉండగా వేశాం.