నాలుగేళ్లు వాడాక వంటింటి కబ్బోర్డులు: కాంట్రాక్టర్ గారికి ఒక ఉత్తరం

విజయనగరం

కాంట్రాక్టర్ గారికి నమస్కారం.

2021లో మీరు చేసిన వంటింటి కబ్బోర్డుల గురించి ఎవరడిగినా బాగున్నాయనే చెప్పాను. పైన గోడకి బిగించిన వాటి విషయంలో ఇప్పటికీ ఆ మాటే. మైకా రంగు మాయలేదు, తలుపులు సరిగ్గా పడుతున్నాయి. కింది వరస గురించి మాత్రం మిమ్మల్ని ఒకటి అడగాలి. కొటేషన్‌లో నీళ్ళని తట్టుకునే 18 మి.మీ. 710 ప్లై అని రాసి, గాలి తేమని మాత్రమే తట్టుకునే ఎంఆర్ ప్లై ఎందుకు వేశారు?

మొదట సింకు కింద అడుగు పలక ముందు అంచు దగ్గర మైకా బుడగలా లేచింది. తర్వాత ఆ తలుపు కిందికి జారింది. చూస్తే కింది హింజ్ స్క్రూలు చేత్తో లాగితేనే ఊడి వచ్చాయి. పలక అంచున స్కేలు పెడితే 22 మి.మీ. ఉంది. ఫోన్ చేస్తే, సింకు కింద నీళ్ళు కారితే ఏ ప్లై అయినా ఉబ్బుతుందండి అన్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. చెక్క నీళ్ళు తాగుతుంది, కాస్త ఉబ్బుతుంది. కానీ పొరల మధ్య జిగురు పట్టు వదలకపోతే ఆరాక చాలావరకు మళ్ళీ సర్దుకుంటుంది. ఈ పలకని విప్పి పది రోజులు డాబా మీద నీడలో ఆరబెట్టాను. ఉబ్బు తగ్గలేదు. అంచున గోరు పెడితే పూతరేకు మడత విప్పినట్టు పొరలు విడిపోతున్నాయి. అంటే పోయింది చెక్క కాదండీ, జిగురు.

తేడా అంతా అక్కడే ఉంది. ఎంఆర్ ప్లైలో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. గాలిలో తేమని అది తట్టుకుంటుంది, నిలిచిన నీళ్ళని తట్టుకోలేదు. ఐఎస్ 710 ప్లైలో ఫినాలిక్ జిగురు ఉంటుంది. అందుకే దానికి 72 గంటలు నీళ్ళలో మరిగించే పరీక్ష పెట్టారు. జిగురు గీత ఎర్రగా, ముదురుగా కనబడితే 710 అని షాపుల్లో చెబుతుంటారు గానీ, రంగు కలిపినా అలాగే కనబడుతుంది. మా పలక గీతలూ ముదురుగానే ఉన్నాయి మరి! అందుకని రెండంగుళాల ముక్కలు రెండు కోసి మరిగించాను. ఒకటి సింకు కింది పలకది, ఇంకోటి గ్యాస్ సిలిండర్ అరలో ఎప్పుడూ తడవని చోటుది. మధ్యాహ్నం పొయ్యి మీద పెడితే రాత్రి భోజనాల వేళకి రెండూ పొరలుగా విడిపోయాయి. ఇంట్లో మరిగించడం ల్యాబ్ పరీక్షతో సమానం కాదు, ఒప్పుకుంటాను. కానీ మూడు రోజులు నిలవాల్సింది పూటలోనే విడిపోతే ల్యాబ్ దాకా వెళ్ళక్కర్లేదు. తడవని ముక్క కూడా విడిపోయింది కాబట్టి లోపం ఒక్క కారడానిది కాదు.

డబ్బు లెక్క కూడా చూశాను. మీ కొటేషన్‌లో 710కి చదరపు అడుగు 105 రూపాయలు. అప్పట్లో అదే మందం ఎంఆర్ 65కి వచ్చేదని షాపులో చెప్పారు. కింది వరసకి ఐదు షీట్లు, షీటుకి 32 అడుగులు, మొత్తం 160 అడుగులు. తేడా 6,400 రూపాయలు. అది మీకు మిగిలిందో, షాపువాడే మీకూ మార్చి ఇచ్చాడో నాకు తెలియదు. ఆ బిల్లు ఉంటే చూపించండి, తేలిపోతుంది.

మా వైపు తప్పు కూడా ఉంది. సింకు ట్రాప్ దగ్గర వాషర్ కొన్నాళ్ళు చుక్కచుక్కగా కారింది, మేం ఆలస్యంగా చూసుకున్నాం. రోజూ తడిగుడ్డతో తుడుస్తాం. అయితే పక్క పలకలు నేరుగా నేల మీద నిలబెట్టారు, కింది అంచుకి బ్యాండింగ్ లేదు, సీలర్ లేదు. కోసిన అంచు నుంచే నీళ్ళు పైకి పాకుతాయి. 710 వేసినా అలా వదిలేస్తే కొన్నేళ్ళకి ఇబ్బందే. మా వంటిల్లు ఉత్తరం వైపు, ఎండ పడదు. ఎండ బాగా తగిలి, సింకు విడిగా ఉన్న ఇంట్లో ఇదే ప్లై ఇంకొన్నేళ్ళు నడిచేదేమో.

పై వరస ఎంఆర్ అయినా నాకు అభ్యంతరం లేదు, అక్కడ అది చాలు. సింకు అర, దాని పక్కవి రెండు మాత్రం 710తో మార్చి ఇవ్వండి. కాళ్ళు పీవీసీవి పెట్టి నేలకి నాలుగంగుళాలు ఎత్తండి. కోసిన ప్రతి అంచుకీ, పైపు బెజ్జాలకి కూడా, సీలర్ పూయించండి. మైకా అతికిస్తే ముద్ర కనబడదు కాబట్టి అంతకు ముందే షీటు మీది ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 710, సీఎం/ఎల్ లైసెన్సు నంబరు ఫోటో తీసి పంపండి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు నేను కొట్టి చూసి, సరేనన్నాకే కోత మొదలుపెట్టించండి.