పురుగులేని బియ్యం డబ్బా: మూడేళ్లుగా ఫ్రీజర్‌నే నమ్ముకున్నాక

చెన్నైలోని వేలచ్చేరిలో కాపురం పెట్టిన తొలి వానాకాలంలో పాతిక కిలోల సన్నబియ్యం బస్తా తెచ్చుకున్నాం. నెల తిరిగేసరికి బియ్యం కడిగే గిన్నెలో ముక్కు పురుగులు తేలాయి. డబ్బా మూత గట్టిగానే పెట్టాను, గుప్పెడు వేపాకు కూడా వేశాను. ఇవి ఎటునుంచి దూరాయా అని వంటగది మూలలన్నీ వెతికాను. తర్వాత తెలిసింది, అవి ఎటునుంచీ దూరలేదు, బియ్యంతోపాటే వచ్చాయి.

ఆడ పురుగు తన ముక్కుతో గింజను తొలిచి, గుడ్డు పెట్టి, ఆ రంధ్రాన్ని జిగురుతో మూసేస్తుంది. పిల్ల లోపలే తిని పెరిగి, చెన్నై వేడిలో సుమారు నెల రోజులకు బయటపడుతుంది. అందాకా గింజ మామూలుగానే కనిపిస్తుంది కనుక చేటలో ఎంత చెరిగినా లాభం లేదు. వేపాకు వాసన పెద్ద పురుగులను కొంత దూరం పెడుతుందేమో గాని, గింజలో ఉన్న పిల్లను ఏమీ చేయలేదు.

నమ్మకం కుదరక ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఒకే సంచిలోని బియ్యాన్ని రెండు గాజు సీసాల్లో కిలో చొప్పున పోశాను. ఒక కిలోను అంతకుముందు కవర్లో కట్టి వారం రోజులు ఫ్రీజర్లో ఉంచాను, రెండోది నేరుగా పోశాను. ముప్పై నాలుగో రోజున రెండో సీసా గోడమీద మూడు పురుగులు పాకుతూ కనిపించాయి. అడుగున సన్నని పిండి పేరుకుంది. అది గింజలు తొలిచిన పొడి. మొదటి సీసా రెండు నెలలైనా శుభ్రంగానే ఉంది.

అప్పటినుంచి బియ్యం, గోధుమపిండి, రవ్వ ఏది కొన్నా ముందు ఫ్రీజర్లోకే పోతుంది. సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు తక్కువ చలిలో నాలుగు రోజులుంటే గుడ్లతో సహా చనిపోతాయి. మా పాత ఫ్రిజ్‌కు అంత చలి ఉంటుందన్న భరోసా లేక నేను వారం ఉంచుతాను. ఐస్‌క్రీమ్ రాయిలా గట్టిపడని ఫ్రీజర్‌ను ఈ పనికి నమ్మకండి. కిలో పొట్లాలను పలుచగా పరిచి పెట్టాలి, ముద్దగా ఉంటే నడిమికి చలి చేరడానికి చాలా సమయం పడుతుంది.

మొదట్లో నేను చేసిన తప్పు, పొట్లం తీసిన వెంటనే విప్పడం. ఈ ఊరి గాలిలోని తేమంతా చల్లని పిండిమీద చెమటలా పట్టి ఉండలు కట్టింది. ఇప్పుడు కట్టు విప్పకుండా ఒక పూట బయట ఉంచి, చల్లదనం పూర్తిగా పోయాకే డబ్బాలో పోస్తాను.

డబ్బా విషయంలో ఒక్కటే పట్టింపు: పాత పిండిమీద కొత్తది పోయను. అడుగున మిగిలిన రెండు చెంచాల పిండే కొత్త సరుకంతటినీ పాడుచేస్తుంది. ఖాళీ డబ్బాను కడిగి, ఎండలో పెట్టి, మూత అంచును బ్రష్‌తో గీకుతాను. రెక్కల పురుగు పిల్లలు గూళ్లు కట్టేది అక్కడే. రవ్వ ఉండలుగా, సాలెపట్టులాంటి దారాలతో అంటుకుని ఉంటే ముక్కు పురుగు కాదు, ఇవే. అలాంటి రవ్వను జల్లించి వాడుకోవడం నాకు మనసొప్పదు, పారేస్తాను.

ఎండబెట్టడం కూడా చేసి చూశాను. మేడమీద దుప్పటిపై పోసిన బియ్యంలోంచి పెద్ద పురుగులు పిట్టగోడ నీడలోకి నడిచి వెళ్లిపోయాయి. కాసేపు ముచ్చటగానే ఉంది. కానీ కొన్నాళ్లకు కొత్తవి మళ్లీ పుట్టాయి, పైగా ఎండిన బియ్యం ఉడికేటప్పుడు విరిగి అన్నం ముద్దయింది. బియ్యంలో బోరిక్ పొడి కలపమని మా అత్తయ్య చెప్పారు. ఎన్ని సార్లు కడిగితే పోతుందో తెలియని మందును పిల్లలున్న ఇంట్లో తినే గింజలో కలపలేను అన్నాను. ఆవిడ ఇంకా నొచ్చుకుంటూనే ఉన్నారు.

ఈ పద్ధతి లోపం చోటు. మాది ఒంటి తలుపు ఫ్రిజ్, ఒక విడతకు మూడు కిలోలే పడతాయి. అందుకే బస్తా మానేసి అయిదేసి కిలోలు కొంటున్నాను, రెండు విడతలుగా పెడతాను. కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ పడుతోంది.

పోయిన సంక్రాంతికి అత్తయ్య ఊరినుంచి మూడు కిలోల అలసందలు తెచ్చారు. ఫ్రీజర్ నిండుగా ఉందని నేరుగా డబ్బాలో పోశాను. వారానికి చూస్తే గింజలమీద సున్నం చుక్కల్లా తెల్లని గుడ్లు అంటుకుని ఉన్నాయి. కొన్ని గింజలకు అప్పటికే గుండ్రటి చిల్లులు. అత్తయ్య ఏమీ అనలేదు. మిగిలినవి ఏరి, కిలోకు చెంచాడు ఆముదం చేత్తో పట్టించారు. ఆముదం పైనున్న గుడ్లను ఊపిరాడనివ్వదు గాని లోపలికి తొలుచుకుపోయిన వాటిని ఆపలేదు. అందుకే ఆ రాత్రే ఐస్ ట్రే తీసేసి అలసందలను ఫ్రీజర్లో పెట్టాను.