అశ్వగంధ వాడుతుండగా ఒళ్లు దురద పెడితే వెంటనే ఆపండి: డెల్టా కొనుగోలుదారులకు హెచ్చరిక

ఒత్తిడికీ, నిద్రలేమికీ అని చెప్పి అమ్ముతున్న అశ్వగంధ క్యాప్సూళ్లను భీమవరం, పాలకొల్లు, ఆకివీడు ప్రాంతాల్లో కొంటున్నవారు, ముఖ్యంగా కాలేయ సమస్య ఉన్నవారూ, థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నవారూ, ఈ విషయం పూర్తిగా చదవాలని కోరుతున్నాను. మా బావగారికి ఈ క్యాప్సూళ్ల వల్ల కాలేయం దెబ్బతిన్నదని వైద్యులు నిర్ధారణకు వచ్చారు. అమ్మినవారి పేరుగాని, కంపెనీ పేరుగాని ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ ప్రమాదం ఒక్క సీసాతో ముగిసేది కాదు.

బావగారు రొయ్యల రైతు. పంట నడిచే రోజుల్లో కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయన్న భయంతో రాత్రుళ్లు చెరువు గట్టు మీదే ఉంటారు కనుక నిద్ర సరిగా ఉండదు. మద్యం అలవాటు లేదు, అంతకుముందు కాలేయ జబ్బు కూడా లేదు. ఆరోగ్య ఉత్పత్తులు అమ్మే ఒక దుకాణంలో ఆయనకు ఒక సీసా ఇచ్చి, రోజుకు ఒకటి అని దాని మీద రాసి ఉన్నా త్వరగా గుణం కనబడాలంటే రెండు వేసుకోమని, ఆరు నెలలు ఆపకుండా వాడమని చెప్పారు.

మొదటి నెలలో నిద్ర కొంత మెరుగుపడిందని ఆయనే అన్నారు. ఆ తరువాత, సుమారు ఐదో వారంలో దురద మొదలైంది. చెరువు నీళ్ల వల్లనో, చెమట వల్లనో అనుకుని ఇంట్లో అందరూ తేలికగా తీసుకున్నారు. కానీ ఆ దురదను జాగ్రత్తగా గమనిస్తే తేడా తెలుస్తుంది: చర్మం మీద దద్దురుగాని, పొక్కుగాని లేదు, గోకిన గీతలు మాత్రమే ఉన్నాయి, అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ ఎక్కువగా ఉండి, రాత్రిపూట మరీ పెరిగేది. పిత్తరసం కాలేయంలోనే నిలిచిపోయినప్పుడు వచ్చే దురద తరచుగా ఇలాగే ఉంటుంది, కళ్లు పచ్చబడకముందే మొదలుకావచ్చు కూడా.

నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఇక్కడే జరిగింది. దురద సంగతి చెప్పినప్పుడు, శరీరంలోని విషాలు బయటికి పోతున్నాయి కనుక మందు పనిచేస్తోందని అర్థమని దుకాణదారు చెప్పి, కాలేయ శుద్ధికి అంటూ మరో సీసా అమ్మారు. దాని వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న జాబితాలో తిప్పతీగ ఉంది. ఆ తిప్పతీగ వాడిన కొందరిలో, శరీరపు రోగనిరోధక శక్తే తన కాలేయం మీద దాడి చేసే రకం హెపటైటిస్ వచ్చిందని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. దెబ్బతింటున్న కాలేయానికి మందు పేరుతో మరో మూలికను జోడించడం ఎంతటి ప్రమాదమో ఆ దుకాణంలో ఎవరికీ తెలియదనుకోవాలి.

మరో వారానికి మూత్రం ముదురు పసుపు దాటి టీ డికాక్షన్ రంగుకు వచ్చింది, మలం తెల్లబడింది, కళ్లు పచ్చబడ్డాయి. మన వైపు కామెర్లు అనగానే పసరు పోయించడానికి తీసుకువెళ్లే అలవాటు ఇంకా ఉంది. బంధువులు కూడా అదే సలహా ఇచ్చారు. మా అక్కయ్య ఒప్పుకోకుండా, రెండు సీసాలూ ఆపించి, వాటిని చేతిలో పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్లడమే మేలు చేసింది.

రక్తపరీక్షలో, కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ 1.2కు లోపు ఉండవలసింది 16 వచ్చింది. కాలేయ కణాలు దెబ్బతిన్నట్టు చూపే ఎస్‌జీపీటీ పెరిగినా, పిత్తరసం ప్రవాహానికి అడ్డు పడినప్పుడు పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దానికి మించి పెరిగి ఉంది. అటువంటప్పుడు మొదట చూడవలసింది పిత్తాశయపు రాళ్లు. స్కానింగ్‌లో రాళ్లు లేవు, నాళాలు ఉబ్బలేదు. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ మన డెల్టాలో కొత్తవి కావు కనుక వాటికీ, బి, సి లకూ పరీక్షలు చేశారు, అన్నీ నెగటివ్. ఇలా ఒక్కొక్క కారణాన్నీ తోసిపుచ్చుకుంటూ వచ్చాకనే, మందు మొదలుపెట్టిన తేదీనీ దురద మొదలైన తేదీనీ పక్కపక్కన పెట్టి, అశ్వగంధే అయి ఉంటుందని చెప్పారు. దీన్ని నేరుగా రుజువు చేసే పరీక్ష అంటూ ఏదీ లేదు. రక్తం గడ్డకట్టే పరీక్ష మామూలుగా ఉండడం ఆయన అదృష్టం. అది కూడా చెడిపోయి ఉంటే కాలేయం విఫలమవుతోందని భయపడవలసి వచ్చేది. దురదకు మందులిచ్చి పంపారు, బిలిరుబిన్ మామూలు స్థితికి రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది.

ఇది ఎక్కడా లేని వింత కాదు. ఐస్‌లాండ్, అమెరికాలలో ఇలాంటి అయిదుగురి వివరాలు 2020లో వెలువడ్డాయి. మొదలుపెట్టిన 2 నుంచి 12 వారాల్లో కామెర్లు, దురద వచ్చి, మానేశాక కొన్ని నెలల్లో నలుగురు కోలుకున్నారు, అయిదో వ్యక్తి సంగతి ఆ తరువాత తెలియలేదు. మన దేశపు వైద్యులు 2023లో ప్రచురించిన వివరాలు అంత ఊరటనిచ్చేవి కావు. వేరే మూలిక కలపకుండా అశ్వగంధ మాత్రమే వాడి దెబ్బతిన్న ఎనిమిది మందిలో అయిదుగురికి ముందే దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉంది, వారిలో ముగ్గురు చనిపోయారు. కాబట్టి సిర్రోసిస్, హెపటైటిస్ బి వంటివి ఉన్నవారు దీని జోలికే వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

అశ్వగంధకు అసలు గుణమే లేదని నేను అనడం లేదు. హైదరాబాదులో 64 మంది మీద జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 300 మిల్లీగ్రాముల వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు 60 రోజులు వాడినవారికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారికంటే ఒత్తిడి ఎక్కువగా తగ్గింది. అయితే అరుదుగా వచ్చే కాలేయపు దెబ్బ అంత కొద్దిమందిలో, అంత కొద్దికాలంలో బయటపడదు. రెండు నెలల పరీక్షను చూపించి ఆరు నెలలు వాడమనడానికి ఆధారం లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక సీసా మీది అక్షరాలను భూతద్దంతో చదివాను. ముందువైపు వేరు బొమ్మ ఉంది, వెనుక మాత్రం వేరు, ఆకు సారం అని ఉంది. మన పెద్దలు పాలలో కలుపుకుని తాగిన పెన్నేరు చూర్ణం వేరుతో చేసినది. ఆకులో విథాఫెరిన్ వంటి ఘాటైన పదార్థాలు ఎక్కువ. ఆకును వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది కూడా. ఉత్త వేరు అని రాసి ఉన్నంత మాత్రాన నిర్భయంగా వాడవచ్చనీ అనుకోకండి, సారం చిక్కన కొద్దీ మోతాదు చూర్ణంతో పోల్చలేనిదవుతుంది.

అదే సీసాలోవి మా అక్కయ్య కూడా వేసుకుందామనుకున్నారు, ఆవిడ థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. మాత్రకు ఇది తోడైతే గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం రావచ్చు. వాటిని ఒత్తిడి లక్షణాలని పొరబడి మరో క్యాప్సూల్ వేసుకునేవారూ ఉంటారు. గర్భిణులు దీన్ని వాడనే కూడదు. నిద్రమాత్రలు, షుగరు, బీపీ మందులు వాడేవారు తమ డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

ఇప్పటికే వాడుతున్నవారికి దద్దురు లేని దురద, ముదురు రంగు మూత్రం, వికారం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆపి కాలేయ పరీక్ష చేయించుకోండి, సీసాను పారేయకుండా డాక్టరుకు చూపించండి. మందుల దుష్ఫలితాలను నమోదు చేసుకునే జాతీయ కార్యక్రమం వారి ఉచిత ఫోను 1800-180-3024. బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, మొదలుపెట్టిన తేదీ దగ్గర ఉంచుకుని చేస్తే వివరాలు చెప్పడం తేలిక.